పదవీ విరమణ సభలో నాకు రెండు నిమిషాలే ఇచ్చారు: ఎవరికి, ఎలా కృతజ్ఞత చెప్పాలి?

కాళహస్తి_బస్సు
ఈ నెల 30వ తేదీన నేను పదవీ విరమణ చేస్తున్నాను. 1988లో జూనియర్ అసిస్టెంటుగా చేరాను. ప్రస్తుతం తిరుపతిలోని ఒక ప్రభుత్వ కార్యాలయంలో సూపరింటెండెంటుగా ఉన్నాను. అదే రోజు మా కార్యాలయంలో మరో ఇద్దరు కూడా విరమిస్తున్నారు, ఎందుకంటే మా ముగ్గురి పుట్టినరోజూ జులై 1. మా కాలంలో పిల్లవాణ్ణి బడిలో వేసేటప్పుడు తల్లిదండ్రులకు తేదీ గుర్తులేకపోతే అయ్యవారు జులై 1 అని రాసేసేవారు. ఒకటో తేదీన పుట్టినవారు ముందు నెల ఆఖరి రోజునే దిగిపోవాలి కనుక జూన్ 30న ప్రతి కార్యాలయంలోనూ శాలువాలకు గిరాకీ ఉంటుంది.

సభ తర్వాత భోజనాలు ఉన్నాయి. అందువల్ల ఒక్కొక్కరు రెండు నిమిషాల్లో ముగించాలని నిర్వాహకులు ముందే చెప్పారు. నేను రాసుకున్నదాన్ని ఇంట్లో గడియారం పెట్టుకొని చదివితే 6 నిమిషాల 20 సెకన్లు పట్టింది. దాని మొదలు ఇది:

"సభాధ్యక్షులకు, వేదికను అలంకరించిన పెద్దలకు, ముఖ్య అతిథులకు, ఉద్యోగ సంఘాల నాయకులకు, నా తోటి ఉద్యోగ సోదర సోదరీమణులకు, ఈ కార్యక్రమానికి విచ్చేసిన బంధుమిత్రులకు పేరుపేరునా నా హృదయపూర్వక నమస్సుమాంజలులు. నన్ను ఈ స్థాయికి తెచ్చినవారి గురించి చెప్పుకుంటూ పోతే సమయం సరిపోదు."

దీని తర్వాత పద్నాలుగు మంది పేర్లు ఉన్నాయి. అందరినీ నవ్వుతూ పంపాలని, ఎవరి మనసూ నొప్పించకూడదని నా కోరిక. ఏది తీసేయాలో తెలియడం లేదు.

వడమాలపేట_వాసి
పేర్లు మాత్రం తీసేయకండి. పెద్ద అధికారితో మొదలుపెట్టి హోదా వరుసలో అందరి పేర్లూ చదవడమే పద్ధతి. ఒక్క పేరు వదిలినా ఆ మనిషి జీవితాంతం గుర్తుపెట్టుకుంటాడు. మిగిలిన మాటలు తగ్గించుకోండి.

మైకు_మాస్టారు
నేను హెడ్మాస్టరుగా పనిచేసి విరమించాను. బళ్లలోనూ కార్యాలయాల్లోనూ ఇటువంటి సభలను చాలా ఏళ్లుగా నడిపిస్తున్నాను, కాబట్టి నేను చూసింది చెబుతాను. మైకు ముందు తెలుగులో తీరిగ్గా మాట్లాడితే నిమిషానికి 80 నుంచి 90 మాటలు వస్తాయి. అంటే రెండు నిమిషాలకు 160 నుంచి 180 దాకా చెప్పవచ్చని లెక్క తేలుతుంది. అయితే మైకు సరిచేసుకోవడానికి, గొంతు సవరించుకోవడానికి, జనం నవ్వితే ఆగడానికి పోయే సమయాన్ని తీసేస్తే కాగితం మీద 150 మాటలకు మించి ఉండకూడదు. మీ సంబోధన, దాని తర్వాతి వాక్యం కలిపితేనే దాదాపు ముప్పై మాటలు ఉన్నాయి. ఇరవై సెకన్లకు పైగా వాటికే ఖర్చవుతుంది. ఆ ఇరవై సెకన్లలోనే జనం మీ మొహం మీంచి చూపు తిప్పుకొని వంటల వైపు చూస్తారు.

"చెప్పుకుంటూ పోతే సమయం సరిపోదు" అన్న వాక్యాన్ని మొదట కొట్టేయండి. సమయం లేదని చెప్పడానికి కూడా సమయం పడుతుంది.

వడమాలపేట వారు చెప్పిన దానిలో మొదటి సగం నిజం. సభలో ఉన్న పెద్ద అధికారిని ముందుగా సంబోధించకపోతే అది మర్యాద తప్పినట్టే అవుతుంది. అయితే ఆ ఒక్క సంబోధన తర్వాత వరుస పాటించనవసరం లేదు. జాబితా చదవడం మొదలుపెట్టిన క్షణం నుంచి వినేవాళ్లంతా తమ పేరు వస్తుందా రాదా అని మాత్రమే వింటారు. పద్నాలుగు పేర్లు చదివితే ఆ పద్నాలుగు మందికి కలిగే సంతోషం కన్నా పదిహేనో మనిషికి కలిగే బాధ పెద్దది.

పెన్షనరు_చిత్తూరు
సన్మాన పత్రం రాయించేటప్పుడు పద్యాలు పెట్టించండి, పటం కట్టించినప్పుడు బాగుంటుంది. మాకు చిత్తూరులో ఒక తెలుగు పండితుడు అయిదు సీస పద్యాలు రాసి ఇచ్చారు. సీసం చివర తేటగీతి కూడా ఉంది.

కాళహస్తి_బస్సు
పెన్షనరు గారూ, సన్మాన పత్రం వారు నాకు ఇచ్చేది, దాన్ని మిత్రులు చూసుకుంటున్నారు. నేను అడుగుతున్నది నేను వారికి చెప్పవలసిన కృతజ్ఞత గురించి.

పెన్షనరు_చిత్తూరు
పొరబడ్డాను. అయితే పద్యాలు వద్దు, రెండు నిమిషాల్లో ఒక సీసం పాడితే చాలు, సమయమైపోతుంది.

పాకాల_జంక్షన్
మాస్టారు చెప్పిన పదిహేనో మనిషి సంగతి నాకు అనుభవంలోకి వచ్చింది. నేను ఒక ఆసుపత్రిలో నర్సుగా విరమించాను. నా సభలో పదకొండు మంది పేర్లు కాగితం మీద రాసుకొని చదివాను. డాక్టర్లు, తోటి సిస్టర్లు, ఫార్మసీ వారు అందరూ వచ్చారు. రాత్రి డ్యూటీల్లో ఇరవై ఏళ్లు నాకు తోడుగా ఉన్న ఆయమ్మ పేరు మాత్రం ఆ కాగితంలో లేదు. మరచిపోవడానికి కారణం కూడా ఉంది: ఆమె ఎప్పుడూ నా పక్కనే ఉండేది కనుక బయటి మనిషిగా నా జాబితాలోకి రాలేదు. ఆమె హాలు చివర నిలబడి చప్పట్లు కొడుతూనే ఉంది. మరునాడు వాళ్ల ఇంటికి వెళ్లి చీర పెట్టాను. "అదేం లేదమ్మా, నువ్వు బాగుంటే చాలు" అంది. ఆ మాటతో నా మనసు ఇంకా బరువెక్కింది.

కాబట్టి కాగితం రాసేటప్పుడు హోదాలు గుర్తుచేసుకోకండి. ఒక మామూలు రోజును పొద్దున్నించి సాయంత్రం దాకా గుర్తుచేసుకోండి. ఆ రోజులో ఎవరెవరు మీ బల్ల దగ్గరికి వచ్చారో చూడండి.

వడమాలపేట_వాసి
మీరు చెప్పిన దాన్నిబట్టే పేర్లు చదవాలని తేలుతోంది కదా. ఆమె పేరు చదివి ఉంటే ఈ బాధ ఉండేది కాదు.

మైకు_మాస్టారు
ఆమె పేరు చదివితే పదమూడో మనిషి మిగిలేవాడు. పేర్ల సంఖ్య పెంచితే ఈ చిక్కు తీరదు. మనుషులకు కాకుండా పనులకు కృతజ్ఞత చెప్పడం మేలని నా అభిప్రాయం. ఒక పని చెబితే దానిలో పాలుపంచుకున్నవారంతా తమ గురించే అనుకుంటారు, పాలుపంచుకోనివారు కూడా కథ విన్నట్టు వింటారు. రెండు నిమిషాల్లో అటువంటి పనులు మూడు పడతాయి, ఇంటివారి సంగతి నాలుగోది. ఒక్కొక్కటి ముప్పై మాటలకు అటూ ఇటూ ఉండాలి. "సహకరించారు", "అండగా నిలిచారు", "వెన్నుదన్నుగా ఉన్నారు" అన్న మాటలు ఎక్కడ పడితే అక్కడ పని కనబడకుండా పోతుంది. ఏం సహకరించారో ఆ ఒక్కటి చెప్పండి.

కాళహస్తి వారూ, పాకాల అమ్మగారు చెప్పినట్టు ఒక రోజును గుర్తుచేసుకొని, మీకు వెంటనే తోచిన పనులు ఇక్కడ రాయండి.

కాళహస్తి_బస్సు
రాత్రి కూర్చొని ఆలోచించాను. ఇవి తోచాయి.

2021 నవంబరులో తిరుపతిలో వరద వచ్చిన రోజున మా రికార్డు గదిలోకి మోకాలి లోతు నీళ్లు చేరాయి. ఆ రాత్రి ఎవరూ పిలవకుండానే పదకొండు మంది వచ్చి రిజిస్టర్లు, ఫైళ్ల కట్టలు నెత్తిన పెట్టుకొని మేడ మీదికి చేర్చారు.

2016లో నాకు 53 ఏళ్లప్పుడు మా సెక్షనులోని ఒక అమ్మాయి భోజనం తర్వాత రోజూ పావుగంట నా పక్కన కూర్చొని కంప్యూటరు మీద తెలుగు టైపు నేర్పింది.

మా అటెండరు 11 గంటల టీ తెచ్చినప్పుడల్లా ముందు ఫైలు పక్కకు జరిపి, తర్వాతే గ్లాసు పెట్టేవాడు. పదహారేళ్లలో నా బల్ల మీది ఏ ఫైలుకూ టీ మరక అంటలేదు.

హాస్యానికి రెండు మాటలు అనుకున్నాను. ఒకటి, విరమణ వయసు 2014లో 58 నుంచి 60కి, 2022లో 60 నుంచి 62కి పెరిగింది కనుక "ప్రభుత్వం నా శాలువాను రెండుసార్లు వాయిదా వేసింది" అనడం. రెండోది, 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడింది కనుక "నేను బదిలీ కాలేదు, జిల్లాయే బదిలీ అయి నా బల్ల దగ్గరికి వచ్చింది" అనడం. రెండూ పెట్టవచ్చా?

కొత్త_గుమాస్తా
శాలువా మాట వద్దు సార్. వినడానికి బాగానే ఉంటుంది, కానీ ఆ హాలులో నాలాంటివాళ్లు కొందరు కూర్చుని ఉంటారు. మీ వయసువారికి నాలుగేళ్లు పెరిగినప్పుడు మా ప్రమోషన్లు అంతకంత వెనక్కి జరిగాయి. మీ మీద మాకు ఏ కోపమూ లేదు, అది మీరు తీసుకున్న నిర్ణయం కాదు. అయినా ఆ మాటకు ముందు వరుసలు నవ్వుతాయి, వెనక వరుసలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటాయి.

కాళహస్తి_బస్సు
నాయనా, ఈ సంగతి నాకు తోచనే లేదు. చెప్పినందుకు సంతోషం. శాలువా మాట తీసేశాను.

మైకు_మాస్టారు
కొత్త గుమాస్తా చెప్పింది నా ఇన్నేళ్ల అనుభవంలో కూడా ఇంత స్పష్టంగా కనబడలేదు. సభలో హాస్యం ఒక వస్తువు మీదనో ఊరి మీదనో వాతావరణం మీదనో పడితే అందరూ కలిసి నవ్వుతారు. మనిషి మీద పడితే ఆ మనిషి తప్ప మిగిలినవారు నవ్వుతారు. జిల్లా మాట అందరిదీ కాబట్టి దాన్ని మొదట్లోనే పెట్టండి. మొదటి పదిహేను సెకన్లలో జనం ఒక్కసారి నవ్వితే తర్వాతి మాటలకు చెవి ఒగ్గుతారు.

కొండమీద_గాలి
ముప్పై ఏడేళ్లలో కష్టాలే పడలేదా? దూరపు బదిలీలు, ఆగిపోయిన ఇంక్రిమెంట్లు ఉంటాయి కదా. "ఎన్ని ఇబ్బందులు ఎదురైనా నిజాయితీగా పనిచేశాను" అని ఒక్క వాక్యమైనా ఉండాలి. మనం చెప్పుకోకపోతే ఎవరు చెబుతారు?

పాకాల_జంక్షన్
ఆ వాక్యం విన్నవారు ఇబ్బంది పెట్టినవాడు ఎవరా అని వేదిక మీద వెతకడం మొదలుపెడతారు. నేను సభకు ముందు నా కాగితాన్ని మా కోడలికి చదివి వినిపించాను. ఒక చోట ఆమె "ఇది ఎవరి గురించి అత్తా?" అని అడిగింది. ఆ వాక్యం వెంటనే కొట్టేశాను. ఆఫీసు సంగతులు తెలియని మనిషికి చదివి వినిపిస్తే ఇటువంటివి ఇట్టే బయటపడతాయి.

కొండమీద_గాలి
సభలో వద్దంటే సరే. కానీ అవి ఎక్కడా చెప్పుకోకూడదంటే నేను ఒప్పుకోను.

పాకాల_జంక్షన్
ఎక్కడా చెప్పవద్దని నేనూ అనలేదు. భోజనాల తర్వాత పాత స్నేహితులతో చెట్టు కింద కూర్చున్నప్పుడు ఎంతసేపైనా చెప్పుకోవచ్చు.

తిరుచానూరు_సులోచన
ఇంటివారి సంగతి ఇంకా ఎవరూ పట్టించుకోలేదు. మావారి సభలో నన్ను కూడా వేదిక మీద కూర్చోబెట్టి దండ వేశారు. ఆయన "నా విజయం వెనుక నా అర్ధాంగి సహకారం ఉంది" అని ఒక్క ముక్క చెప్పి ముందుకు వెళ్లిపోయారు. నాకు కోపం రాలేదు. కాకపోతే అదే వాక్యం ఆ రోజు మిగిలిన ఇద్దరు కూడా వాళ్ల భార్యల గురించి చెప్పారు. ముగ్గురం ఒకరినొకరు చూసుకొని నవ్వుకున్నాము. మీ సభలో కూడా ముగ్గురు విరమిస్తున్నారు కనుక ఈ ప్రమాదం ఉంది. మీ ఇంట్లో మాత్రమే జరిగిన పని ఒకటి చెప్పండి.

కాళహస్తి_బస్సు
అమ్మా, నేను శ్రీకాళహస్తి నుంచి రోజూ ఉదయం 7 గంటల బస్సుకు వచ్చేవాణ్ణి. ఆమె 5 గంటలకే లేచి క్యారియరు కట్టేది. ఇది చెప్పవచ్చునా?

తిరుచానూరు_సులోచన
తప్పకుండా చెప్పండి. దానితో పాటు రేపటి నుంచి ఏం మారుతుందో కూడా చెబితే ఆమె మొహం చూడవలసిందే.

వడమాలపేట_వాసి
ఇంకొక సంగతి. కాగితం చూసి చదవకండి. ముప్పై ఏడేళ్లు పనిచేసి రెండు నిమిషాలు చూడకుండా చెప్పలేరా అనుకుంటారు.

మైకు_మాస్టారు
దీన్ని నేను ఒప్పుకోలేను. వీడ్కోలు రోజున గొంతు ఎక్కడ పూడుకుపోతుందో ఎవరికీ తెలియదు. అప్పుడు కళ్ల ముందు తర్వాతి వాక్యం ఉంటే మనిషి నిలదొక్కుకుంటాడు. చేతిలో కాగితం ఉండాలి, పెద్ద అక్షరాల్లో రాసుకోవాలి.

వడమాలపేట_వాసి
కాగితం చేతిలో ఉంటే చేతులు వణకడం అందరికీ కనబడుతుంది మాస్టారూ. మా అన్న సభలో కాగితం వణికే చప్పుడు మైకులో వినిపించింది.

మైకు_మాస్టారు
అట్ట ముక్కకు అంటిస్తే చప్పుడు రాదు. అయినా ఈ విషయంలో మీ మాట పూర్తిగా కాదనను, ఇది మనిషిని బట్టి ఉంటుంది.

కాళహస్తి_బస్సు
అందరి మాటలూ విని మళ్లీ రాశాను. దయచేసి చూడండి.

"ఆఫీసరు గారికి, మీ అందరికీ నమస్కారం. నేను ఈ బల్ల దగ్గర కూర్చున్న రోజున ఇది చిత్తూరు జిల్లా. ఈ రోజు లేస్తుంటే తిరుపతి జిల్లా. మధ్యలో బల్ల అంగుళం కూడా కదలలేదు, జిల్లాయే బదిలీ మీద నా దగ్గరికి వచ్చింది.

2021 వరద రోజున రికార్డు గదిలోకి నీళ్లు వచ్చాయి. పిలవకుండానే పదకొండు మంది వచ్చి రిజిస్టర్లను నెత్తిన మోశారు. ఈ రోజు ఎవరైనా పాత నకలు అడిగితే ఇవ్వగలుగుతున్నామంటే ఆ రాత్రే కారణం. ఆ పదకొండు మందిలో ఇక్కడ ఉన్నవారు ఒక్కసారి చేయి ఎత్తండి. మీకు నా నమస్కారం.

యాభై మూడేళ్ల వయసులో నాకు ఒక గురువు దొరికింది. రోజూ భోజనం తర్వాత పావుగంట తెలుగు టైపు నేర్పింది. 'సార్, ఒత్తు కింద పడాలి' అని నెల రోజులు చెప్పింది. ఇప్పుడు ఒత్తు కిందే పడుతోందమ్మా.

మా అటెండరు పదహారేళ్లు నాకు టీ ఇచ్చాడు. ముందు ఫైలు జరిపేవాడు, తర్వాత గ్లాసు పెట్టేవాడు. ఈ కార్యాలయంలో నా సంతకమున్న ఏ ఫైలునైనా తీసి చూడండి, టీ మరక దొరకదు.

నేను 7 గంటల బస్సు అందుకోవాలని మా ఇంట్లో ఆమె 5 గంటలకే లేచి క్యారియరు కట్టింది. రేపు 5 గంటలకు లేచి కాఫీ పెట్టేది నేను. మీ అందరి ముందు చెప్పాను కనుక ఇక తప్పించుకోలేను. సెలవు."

ఇంట్లో చదివితే 1 నిమిషం 50 సెకన్లు వచ్చింది.

మైకు_మాస్టారు
చాలా బాగుంది. పేరు ఒక్కటి కూడా లేదు, అయినా అందరూ ఉన్నారు. చేయి ఎత్తమనడం నాకు తోచని ఉపాయం. "మీకు నా నమస్కారం" అన్న తర్వాత చప్పట్లు ఆగేదాకా వేచి ఉండండి, చప్పట్ల మీద మాట్లాడితే గురువు మాట ఎవరికీ వినబడదు.

పాకాల_జంక్షన్
టీ మాట చదివి నా ఆయమ్మ గుర్తొచ్చింది. అటెండరును మాత్రం పేరు పెట్టి పిలవండి. టైపు నేర్పిన అమ్మాయి ఎవరో మీ సెక్షనుకు తెలుసు, వరద రాత్రి వచ్చినవారు చేతులు ఎత్తుతారు. అతని వంతు వచ్చినప్పుడు అందరూ తిరిగి చూడాలంటే పేరు కావాలి.

వడమాలపేట_వాసి
చివరికి ఒక పేరు చేరింది. నాకు అది చాలు.

కొత్త_గుమాస్తా
"సెలవు" దగ్గరే ఆపండి సార్. దాని తర్వాత "ఇంతటితో ముగిస్తున్నాను" అనే అలవాటు చాలామందికి ఉంది.

కాళహస్తి_బస్సు
సభ నిన్న జరిగింది. అటెండరును పేరు పెట్టి పిలిచాను, అతను ప్లేట్లు సర్దుతూ ఆగిపోయాడు. జిల్లా మాటకు ఆఫీసరు గారు కూడా నవ్వారు. కాగితాన్ని అట్టకు అంటించుకొని వెళ్లాను, కానీ రెండుసార్లే చూశాను.

చేతులు ఎత్తమన్నప్పుడు ఏడు చేతులు లేచాయి. మిగిలినవారు బదిలీ అయినవారో విరమించినవారో అనుకున్నాను. అంతలో తలుపు దగ్గర నిలబడ్డ వాచ్‌మన్ కనబడ్డాడు. ఆ రాత్రి అందరి కన్నా ఎక్కువ కట్టలు మోసింది అతనే, అయినా చేయి ఎత్తలేదు. "ఏం సామీ, నువ్వు కూడా ఎత్తాలి" అన్నాను. అప్పుడు సగం వరకు ఎత్తాడు. హాలంతా అతని వైపు తిరిగి చప్పట్లు కొట్టింది. నా గొంతు అక్కడే పూడుకుపోయింది. గురువు మాట దగ్గరికి రావడానికి కొంత సమయం పట్టింది. మొత్తం 2 నిమిషాల 40 సెకన్లు అయిందని నిర్వాహకులు చెప్పారు.

వడమాలపేట_వాసి
నలభై సెకన్లు ఎక్కువ తీసుకున్నారు.

మైకు_మాస్టారు
చప్పట్ల సమయం వక్త ఖాతాలో రాయరు.

వడమాలపేట_వాసి
భోజనాలు ఆలస్యమైతే ఎవరి ఖాతాలో రాస్తారు?

తిరుచానూరు_సులోచన
ఆ లెక్క తర్వాత తేల్చుకోండి. ఈ రోజు 5 గంటలకు కాఫీ ఎవరు పెట్టారు?

కాళహస్తి_బస్సు
నేనే పెట్టాను. ఆమె మాత్రం అలవాటు కొద్దీ 5 గంటలకే లేచి, నేను పాలు కాచేదాకా వంటింటి గడప మీద కూర్చుంది.